సవరణ: ఎక్స్‌పైరీ దాకా ఉంచిన పుట్ గురించి

"ఎక్స్‌పైరీ రోజు పుట్ లాభంలో ఉంటే తేడా డబ్బు ఖాతాలో పడుతుంది, షేర్లు మన దగ్గరే ఉంటాయి" అని మొన్న రాశాను. పుట్ అంటే ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కునిచ్చే ఆప్షన్, ఎక్స్‌పైరీ అంటే దాని గడువు ముగిసే రోజు.

అది తప్పు. అలా జరిగేది నిఫ్టీ లాంటి ఇండెక్స్ ఆప్షన్లలో. ఎక్స్ఛేంజీల సెటిల్‌మెంట్ నిబంధనల ప్రకారం 2019 అక్టోబరు నుంచి మన దేశంలో అన్ని స్టాక్ ఆప్షన్లకూ షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి.

ఉదాహరణకు, ఒకే కంపెనీవి 2,000 షేర్లున్నాయి. వాటికి 900 స్ట్రైక్, అంటే షేరు 900కి అమ్ముకునే పుట్‌లు కొన్నారు, ధర 800కి పడింది. ఎక్స్‌పైరీ దాటనిస్తే ఆ షేర్లన్నీ 900 చొప్పున వెళ్లిపోతాయి. 18 లక్షలు వస్తాయి సరే, ఎప్పుడో చవగ్గా కొన్నవైతే క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా పడుతుంది. అది తప్పించుకోవడానికే కదా చాలామంది అమ్మకుండా పుట్ కొనేది!

షేర్లు ఉంచుకోవాలంటే ఎక్స్‌పైరీకి ముందే పుట్‌లను అమ్మేయాలి. షేరుకు సుమారు 100 చొప్పున 2 లక్షలు చేతికొస్తాయి, అందులో పుట్‌లు కొనడానికి కట్టిన ప్రీమియం పోతుంది. చివరి రోజు దాకా ఆగితే కొనేవాళ్లు పలచబడతారు, షేర్లు ఇచ్చేందుకు హామీగా డెలివరీ మార్జిన్ కూడా అడుగుతారు.