మాంసం కంపు కొడితే వండినామెను ఎందుకు తిడతారు?

మా బరంపురంలో ఏ తెలుగింట్లోనైనా మేక మాంసం కూర వాసన కొట్టిందంటే ముందు తిట్లు పడేది వండిన ఇల్లాలికే. సరిగా కడగలేదంటారు, అల్లం వెల్లుల్లి తగ్గించావంటారు. వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నాను. ఆ కంపు వంటింట్లో పుట్టదు. కొంత మేక బతికుండగానే, మిగిలింది తోలు ఒలిచే చేతుల్లో తేలిపోతుంది.

ఈ మధ్య మా బంధువులు అమ్మవారికి మొక్కు చెల్లించారు. మొక్కు పోతు కదా, విత్తులు కొట్టించకుండా మూడేళ్ళు మేపారు. పైగా అది ఎదకు తిరుగుతున్న కాలం. అలాంటి పోతు తన గడ్డం మీద, ముంగాళ్ళ మీద తానే మూత్రం పోసుకుంటుంది. ఆడమేకలను రప్పించుకోవడానికి దానికి తెలిసిన అలంకారం అదే! అయితే కంపంతా మూత్రానిదే కాదు. కొమ్ముల మొదళ్ళ వెనక చర్మంలో జిడ్డు గ్రంథులుంటాయి. మగ హార్మోను పెరిగేకొద్దీ అవి ఎక్కువగా పనిచేస్తాయి. పోతు వాసనకు ముఖ్య కారణమైన పదార్థం పేరు 4-ఇథైల్ ఆక్టనోయిక్ ఆమ్లం. వంద కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. అది వెంట్రుకల జిడ్డులోనే ఆగదు, ఒంటి కొవ్వులోనూ చేరుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. కొవ్వులో కలిసినది నీళ్ళకు రాదు. ఆ రోజు మా వదినగారు పసుపు, ఉప్పు వేసి మాంసాన్ని ఎన్నిసార్లు కడిగారో నేను చూశాను. పచ్చిగా ఉన్నప్పుడు పెద్దగా వాసన లేదు. కుండ వేడెక్కి కొవ్వు కరిగాక ఇల్లంతా కంపు లేచింది. కొవ్వు కోసి తీసేద్దామని ఆవిడ ముందే అన్నారు. రుచంతా అందులోనే ఉందని పెద్దలు తీయనివ్వలేదు. చివరికి మాట పడింది ఆవిడే.

ఇక మన బజారు తెలివి చూడండి. కొన్ని దుకాణాల్లో పోతు మాంసమేనని నమ్మించడానికి వేలాడదీసిన మేకకు వృషణాలు అలాగే వదిలేస్తారు. కొనేవారు వాటిని చూసి తృప్తిపడతారు. ముసలి ఆడమేకను అంటగడతారేమోనన్న భయం సహజమే, దాని మాంసం నారగా ఉంటుంది, మాంసపు వాసన కాస్త ఘాటుగానూ ఉంటుంది. కానీ పోతు కంపు దానికి ఉండదు. ఆ గుర్తు మగదని మాత్రమే చెబుతుంది, వయసు చెప్పదు. లేత పోతుకైతే ఫరవాలేదు, ఈడొచ్చిన పోతుకు అదే కంపుకు హామీ.

వయసు తెలియాలంటే తల అక్కడే ఉంటుంది, కింది పళ్ళు చూడండి. ముందు పళ్ళన్నీ చిన్న పాలపళ్ళైతే సుమారు ఏడాది లోపుది. నడుమ రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే ఏడాది దాటింది. పోతులు నాలుగైదు నెలలకే ఈడుకు రావడం మొదలుపెడతాయి కాబట్టి పాలపళ్ళున్నా పూర్తి భరోసా లేదు. అందుకే ఒడిశాలో ఖాసి, అంటే విత్తులు కొట్టించిన పోతు, మాంసానికి అంత గిరాకీ. పిల్లప్పుడే, రెండు మూడు నెలల వయసులో, బర్డిజో పటకారుతో వృషణాల నరం నొక్కిస్తే ఆ హార్మోను పెరగదు, కంపూ పట్టదు. ఎదిగిన పోతుకు నొక్కించి మర్నాడే కోస్తే లాభం లేదు. కొవ్వులో చేరినది తగ్గడానికి వారాలు పడుతుంది.

మంచి ఖాసిని కూడా చెడగొట్టే చేతులున్నాయి. తోలు ఒలిచేటప్పుడు వెంట్రుకలు పట్టుకున్న చేత్తోనే మాంసాన్ని పట్టుకుంటే ఆ జిడ్డు మాంసానికి అంటుతుంది. తెలిసినవాడు ఒక చేత్తో తోలు లాగుతూ, రెండో చేతి పిడికిలితో లోపలి నుంచి నెడతాడు. వెంట్రుకల వైపు కోసిన కత్తిని కడగకుండా మాంసం మీద పెట్టడు. బెదరగొట్టి, దూరం తరిమి తెచ్చిన మేకది మరో బాధ. కండలోని శక్తి ముందే ఖర్చయిపోతుంది కాబట్టి కోశాక మాంసంలో పులుపు చాలినంత చేరదు. ముదురు రంగులో, జిగటగా ఉండి త్వరగా పాడవుతుంది. అది పోతు కంపు కాదు, కుళ్ళు. రెంటినీ కలిపి నీచు అనేస్తాం.

అనుమానముంటే కొనేముందు గోరంత కొవ్వు ముక్క అడగండి. మా వీధి దుకాణం బాబాయిని అడిగితే మొదట నవ్వాడు, తరువాత తన టీ పొయ్యి మీదే గరిటెలో వేడిచేసి ఇచ్చాడు. కొవ్వు కరగగానే ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. వాసన ఉందా, వేరే మేక అడగండి. మొక్కు పోతు లాగా తప్పనిసరైతే పైకొవ్వు మొత్తం కోసి పారేయండి. కొమ్ముల వెనక చర్మం తీయకుండా తలకాయను కూరలో వేయకండి. మసాలా మీ ఇష్టం. అది వాసనను కొంత కప్పుతుంది, తీసేయదు.