బ్యాంకు నుంచి పోయిన డబ్బంతా డిబెంచర్ల ధర కాదు

"కమ్ ఇంటరెస్ట్ అయినా ఎక్స్ ఇంటరెస్ట్ అయినా ఒకటే. బ్యాంకు నుంచి ఎంత పోయిందో అంతా పెట్టుబడి ఖర్చే. అమ్మితే వచ్చిన డబ్బులోంచి కొన్న డబ్బు తీసేస్తే లాభం. వడ్డీ అకౌంట్లో పడ్డప్పుడు ఆదాయం రాసుకుంటే చాలు. వేరే కాలమ్ పెట్టి బుర్ర పాడుచేసుకోవద్దు, చివరికి మొత్తం కలిసిపోతుంది."

విజయవాడ, గుంటూరు బీకాం, సీఏ ఇంటర్ విద్యార్థుల గ్రూపుల్లో పరీక్షల ముందు చేతులు మారే మెసేజ్ ఇది. ఇందులో ఒక్కో మాటా ఎక్కడ తప్పుతుందో ఒకే లెక్క మీద చూద్దాం.

గుంటూరు పట్నంబజారులో ఒక వ్యాపార సంస్థ ఉందనుకోండి. లెక్కల సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. అది కొనే డిబెంచర్ల ముఖవిలువ 100 రూపాయలు, వడ్డీ 12 శాతం, చెల్లింపు ఏటా జూన్ 30న, డిసెంబరు 31న. 2024 మే 1న 600 డిబెంచర్లు ఒక్కోటి 95 రూపాయల చొప్పున ఎక్స్ ఇంటరెస్ట్‌గా కొన్నది, బ్రోకరేజీ 570. అక్టోబరు 1న మరో 400 డిబెంచర్లు 101 చొప్పున కమ్ ఇంటరెస్ట్‌గా కొన్నది, బ్రోకరేజీ 430. 2025 ఫిబ్రవరి 1న 500 డిబెంచర్లు 101 చొప్పున కమ్ ఇంటరెస్ట్‌గా అమ్మింది, బ్రోకరేజీ 500.

మొదటి మాటకు జవాబు మే 1 నాటి కొనుగోలులోనే ఉంది. కంపెనీ చివరిసారి వడ్డీ ఇచ్చింది 2023 డిసెంబరు 31న. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నెలలు ఆ డిబెంచర్లు అమ్మినవాడి చేతిలో ఉన్నాయి, ఆ నాలుగు నెలల వడ్డీ వాడిదే. కానీ జూన్ 30న కంపెనీ ఆరు నెలల వడ్డీని అప్పటికి ఎవరి పేరున డిబెంచర్లు ఉంటే వారికే ఇస్తుంది. అందుకని కొన్నవాడు ఆ నాలుగు నెలల వడ్డీని అమ్మినవాడికి ముందే చెల్లిస్తాడు. 60,000 ముఖవిలువ మీద 12 శాతం చొప్పున నాలుగు నెలలకు 2,400. ధర ఎక్స్ ఇంటరెస్ట్ కాబట్టి 95 రూపాయల్లో ఈ వడ్డీ లేదు, దానికి అదనంగా ఇవ్వాలి. బ్యాంకు నుంచి పోయేది 57,000, బ్రోకరేజీ 570, వడ్డీ 2,400, మొత్తం 59,970. ఇందులో డిబెంచర్ల ఖర్చు 57,570 మాత్రమే. మిగతా 2,400 రెండు నెలల్లో కంపెనీ దగ్గర్నుంచి తిరిగొచ్చే డబ్బు.

అక్టోబరు కొనుగోలులో వడ్డీ ధరలోనే కలిసి ఉంది. 400 డిబెంచర్లకు 101 చొప్పున 40,400. జులై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలల వడ్డీ 40,000 మీద 1,200. దాన్ని తీసేసి, బ్రోకరేజీ 430 కలిపితే ఖర్చు 39,630. అంటే ఎక్స్ అయితే వడ్డీని పైన ఇస్తాం, కమ్ అయితే ధరలోంచి విడదీస్తాం. రెండూ ఒకటే అనుకుని ఒకే తీరుగా రాస్తే ఏదో ఒక చోట వడ్డీ మొత్తం మేర ఖర్చు తప్పుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు పదే పదే కనిపిస్తాయి. ఒకటి, వడ్డీని 95 మీదో 101 మీదో లెక్కగట్టడం. మార్కెట్ ధర ఎంతైనా కంపెనీ ఇచ్చేది ముఖవిలువ మీద వడ్డీనే. రెండోది, నెలల్ని ఏప్రిల్ 1 నుంచి లెక్కపెట్టడం. లెక్కల సంవత్సరంతో దీనికి పని లేదు, చివరి వడ్డీ తేదీ నుంచి కొన్న తేదీ దాకా లెక్కించాలి. మే 1 కొనుగోలులో ఏప్రిల్ నుంచి లెక్కిస్తే వడ్డీ 600 అవుతుంది, అసలు వడ్డీ 2,400.

పెట్టుబడి ఖాతాలో ముఖవిలువ, వడ్డీ, అసలు అని మూడు కాలమ్‌లు పెట్టేది ఇందుకే. ఈ లెక్కను అందులో పెడితే ఇలా వస్తుంది:

| తేదీ, వివరం | ముఖవిలువ | వడ్డీ | అసలు |
|---|---|---|---|
| డెబిట్: మే 1, కొనుగోలు | 60,000 | 2,400 | 57,570 |
| డెబిట్: అక్టోబరు 1, కొనుగోలు | 40,000 | 1,200 | 39,630 |
| డెబిట్: లాభనష్టాల ఖాతాకు | – | 8,000 | 900 |
| డెబిట్ మొత్తం | 1,00,000 | 11,600 | 98,100 |
| క్రెడిట్: జూన్ 30, వడ్డీ | – | 3,600 | – |
| క్రెడిట్: డిసెంబరు 31, వడ్డీ | – | 6,000 | – |
| క్రెడిట్: ఫిబ్రవరి 1, అమ్మకం | 50,000 | 500 | 49,500 |
| క్రెడిట్: మార్చి 31, నిల్వ | 50,000 | 1,500 | 48,600 |
| క్రెడిట్ మొత్తం | 1,00,000 | 11,600 | 98,100 |

ఇక అమ్మకం మీద లాభం. అమ్మకపు ధర 50,500లో జనవరి నెల వడ్డీ 500 ఉంది. అది మన వడ్డీయే, కాకపోతే కంపెనీకి బదులు కొన్నవాడు ఇచ్చాడు. దాన్ని వడ్డీ కాలమ్‌లోకి పంపి, బ్రోకరేజీ 500 తీస్తే అసలు కాలమ్‌లోకి వచ్చేది 49,500. ఇదే అమ్మకం 100 రూపాయలకు ఎక్స్ ఇంటరెస్ట్‌గా జరిగినా అసలు, వడ్డీ అంకెలు ఇవే వస్తాయి.

అమ్మిన 500 డిబెంచర్ల ఖర్చెంత? హోల్డింగ్‌లో కొంత భాగమే అమ్మినప్పుడు మొత్తం హోల్డింగ్ సగటు ఖర్చు తీసుకోమంటుంది ఏఎస్ 13, అంటే పెట్టుబడుల మీద మన అకౌంటింగ్ స్టాండర్డ్. 57,570, 39,630 కలిపి 97,200. వెయ్యి డిబెంచర్లకు సగటు 97.20, అయిదొందలకు 48,600. లాభం 900.

మెసేజ్‌లో చెప్పినట్టు చేస్తే ఏమవుతుంది? బ్యాంకు నుంచి పోయింది 59,970, 40,830 కలిపి 1,00,800. అందులో సగం 50,400. అమ్మితే చేతికొచ్చింది 50,000. 400 నష్టం! లాభానికి అమ్మిన డిబెంచర్ల మీద పుస్తకాల్లో నష్టం పడింది. కారణం ఒకటే, కొనుగోలులో కట్టిన 3,600 వడ్డీ ఖర్చులోనే ఉండిపోయింది.

వడ్డీ సంగతికొస్తే, అకౌంట్లో పడ్డది 9,600. అందులో 3,600 మనం ముందే కట్టినదాని రికవరీ, అది ఆదాయం కాదు. ఏఎస్ 13 కూడా ఇదే చెబుతుంది: కొనకముందు కాలానికి చెందిన వడ్డీ కొన్న ధరలో కలిసి ఉంటే, తర్వాత వచ్చిన వడ్డీలో ఆ భాగాన్ని ఖర్చులోంచి తగ్గించాలి. కాలమ్ పద్ధతి ఆ పనిని కొన్న రోజే చేసేస్తుంది, అంతే తేడా. మరోవైపు, అమ్మకంలో కలిసొచ్చిన 500ను, మార్చి 31 నాటికి మిగిలిన 500 డిబెంచర్ల మీద పేరుకున్న మూడు నెలల వడ్డీ 1,500ను ఆ మెసేజ్ వడ్డీగా లెక్కలోకే తీసుకోలేదు. (కంపెనీ టీడీఎస్ పోను వడ్డీ జమచేస్తే, పడిన మొత్తాన్ని కాదు, పూర్తి వడ్డీనే ఈ కాలమ్‌లో క్రెడిట్ చేయాలి. టీడీఎస్‌కు వేరే ఖాతా ఉంటుంది.)

వడ్డీ ఆదాయం 8,000 సరైనదేనా అని ఖాతా చూడకుండానే తేల్చవచ్చు. ఎన్ని డిబెంచర్లు ఎన్ని నెలలు మన దగ్గర ఉన్నాయో చూడండి, నెలకు 1 శాతం వడ్డీ. మొదటి 600, మే నుంచి జనవరి దాకా తొమ్మిది నెలలు: 5,400. తర్వాతి 400, అక్టోబరు నుంచి జనవరి దాకా నాలుగు నెలలు: 1,600. అమ్మగా మిగిలిన 500, ఫిబ్రవరి, మార్చి రెండు నెలలు: 1,000. మొత్తం 8,000. వడ్డీ కాలమ్ తేడా దీనికి కలవకపోతే, ఏదో ఒక లావాదేవీలో వడ్డీని ముఖవిలువ మీద కాక ధర మీదో, తప్పు నెలలకో లెక్కగట్టారన్నమాట. లేదా మార్చి 31 వడ్డీని మరిచిపోయారు.

"చివరికి మొత్తం కలిసిపోతుంది" అన్న మాటలో కాస్త నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. కొన్నవన్నీ అదే సంవత్సరంలో అమ్మేస్తే మొత్తం ఆదాయం నిజంగానే ఒకటే వస్తుంది. అప్పుడు కూడా వడ్డీ ఎంత, అమ్మకపు లాభమెంత అన్నది తప్పే. నిల్వ మిగిలితే మొత్తం కూడా కలవదు. మన లెక్కలో సరైన ఆదాయం 900, 8,000 కలిపి 8,900. మెసేజ్ పద్ధతిలో 9,600లోంచి 400 నష్టం పోగా 9,200. ఈ 300 తేడా చిన్నదిగా కనిపించడం యాదృచ్ఛికం. నిల్వ 48,600 బదులు 50,400గా పడి 1,800 ఎక్కువైంది, పేరుకున్న వడ్డీ 1,500 రాయక తక్కువైంది, ఒక తప్పు ఇంకో తప్పును చాలావరకు కప్పేసింది. పేరుకున్న వడ్డీ ఒక్కటీ సరిగ్గా రాస్తే ఆదాయం 10,700 అయి తప్పు బయటపడుతుంది.

ఆ మెసేజ్‌ను సమర్థించేవాళ్లు కొందరు విజయా బ్యాంక్ కేసు చూపిస్తారు. 1991లో సుప్రీంకోర్టు, సెక్యూరిటీలు కొన్నప్పుడు కట్టిన వడ్డీ భాగం మూలధన ఖర్చేనని, దాన్ని వడ్డీ ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి లేదని చెప్పిన మాట నిజం. కానీ అది ఆదాయపు పన్నులో మినహాయింపు గురించిన తీర్పు. పుస్తకాల్లో పెట్టుబడి ఖాతా ఎలా రాయాలో అది చెప్పలేదు. పన్ను విషయంలో కూడా అది అందరికీ ఒకే తీరుగా వర్తించదు. బ్యాంకులు స్టాక్ ఇన్ ట్రేడ్‌గా పెట్టుకున్న సెక్యూరిటీల మీద ఆ వడ్డీకి మినహాయింపు ఉంటుందని 2024 అక్టోబరులో బ్యాంక్ ఆఫ్ రాజస్థాన్ కేసులో అదే కోర్టు చెప్పింది. అయినా ఆ వాదన చేయాలంటే ముందు వడ్డీ ఎంతో పుస్తకాల్లో విడిగా ఉండాలి కదా.

షేర్లకూ ఇదే సూత్రాన్ని అతికించేవాళ్లున్నారు, అక్కడ ఇంకో తేడా ఉంది. డివిడెండ్ రోజుల లెక్కన పేరుకోదు, కంపెనీ ప్రకటిస్తేనే వస్తుంది. కాబట్టి కొన్నరోజున ధరలోంచి విడదీయడానికి ఏమీ ఉండదు, కట్టిందంతా బ్రోకరేజీతో సహా అసలు కాలమ్‌లోకే వెళ్తుంది. విడదీయాల్సింది డివిడెండ్ వచ్చినప్పుడు. 2024 జూన్‌లో 100 షేర్లు కొంటే, 2023–24 సంవత్సరానికి షేరుకు 10 రూపాయల చొప్పున ఆగస్టులో వచ్చిన 1,000 మనం కొనకముందు సంవత్సరానిది, దాన్ని అసలు కాలమ్‌లో క్రెడిట్ చేసి ఖర్చు తగ్గించాలి. అదే కంపెనీ షేర్లు 2023 ఏప్రిల్ 1కి ముందు నుంచే మరికొన్ని మన దగ్గర ఉంటే, వాటి మీద వచ్చిన డివిడెండ్ మాత్రం ఆదాయమే. ఒకే రోజు ఒకే చెక్కుగా వచ్చినా షేర్ల సంఖ్యను బట్టి రెండు కాలమ్‌లలోకి పంచాలి. బోనస్ షేర్లకు డబ్బు కట్టం కాబట్టి సంఖ్య పెరుగుతుంది, అసలు కాలమ్‌లో అంకె మారదు. సగటు ఖర్చు మాత్రం తగ్గుతుంది. తర్వాత అమ్మినప్పుడు లాభం ఆ తగ్గిన సగటు మీదే లెక్కగట్టాలి.