డెమరేజ్ తగ్గించమని బతిమాలకండి, ఏ రోజు ఎవరి వల్ల పోయిందో అడగండి

పలాసలో మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ఇక్కడి పంట చాలక ఆఫ్రికా నుంచి జీడిపిక్క తెప్పించుకుంటాం, విశాఖ పోర్టులో దిగుతుంది. ఈ జూన్‌లో రెండు నలభై అడుగుల కంటైనర్ల విషయంలో షిప్పింగ్ ఏజెంటుతో నెలన్నర గొడవ పడ్డాను. ఈ వ్యాపారంలో ఉన్న చాలామంది, గడువు దాటిన కంటైనర్లకు పడే డెమరేజ్ బిల్లు రాగానే ఫోన్ చేసి "సార్, పాత పార్టీ కదా, కొంచెం చూడండి" అంటారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. అది తప్పు. అలా అడిగామంటే ఆలస్యం మనదేనని ఒప్పుకున్నట్టే. వాళ్లు దయతలచి ఇచ్చే డిస్కౌంటే మనకు మిగులుతుంది.

జరిగింది చెప్తాను. ఓడ నుంచి కంటైనర్లు జూన్ 3న దిగాయి. లైన్, అంటే ఓడ కంపెనీ, చార్జీ లేకుండా ఇచ్చిన ఫ్రీ డేస్ పది, అంటే 12వ తేదీ వరకు. సరుకు ఎక్కించుకున్నట్టు లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్‌లో 640 బస్తాలని ఉంది. ఏజెంటు కస్టమ్స్‌కు ఇచ్చిన ఓడ సరుకు జాబితా, అంటే మేనిఫెస్ట్‌లో 460 అని కొట్టారు. ఆరు, నాలుగు అటూ ఇటూ అయ్యాయి, అంతే. కానీ దిగుమతికి మేము కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీకి, మేనిఫెస్ట్‌కు లెక్క కుదరకపోతే సరుకు కదలదు. ఆ అంకెను దిద్దించాల్సింది మేనిఫెస్ట్ వేసినవాళ్లే. నేనెంత మొత్తుకున్నా నా చేత్తో దిద్దలేను.

4వ తేదీ ఉదయం 11:20కి మా కస్టమ్స్ పనులు చూసే సీహెచ్‌ఏ ఆ అంకె దిద్దమని ఏజెంటుకు ఈమెయిల్ పెట్టారు, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ జతచేసి. 6న ఒకసారి, 9న ఒకసారి గుర్తుచేశారు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉందండీ" అన్నారు. వాళ్లు అమెండ్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టింది 12న, ఆమోదం వచ్చింది 13న. ఈలోగా ప్లాంట్ క్వారంటైన్ క్లియరెన్స్ 8వ తేదీకే మా చేతిలో ఉంది.

ఇక్కడ మా తప్పూ చెప్పాలి. 13న దారి తెరుచుకున్నా డ్యూటీ కట్టింది 16న. బ్యాంకులో డబ్బు సర్దుబాటు కాలేదు. 16న సరుకు వదలొచ్చని కస్టమ్స్ అవుట్ ఆఫ్ చార్జ్ వచ్చింది. కంటైనర్లు బయటికి తెచ్చుకోవడానికి కావాల్సిన డెలివరీ ఆర్డర్ అడిగితే ఏజెంటు ఆఫీసులో "ముందు డిటెన్షన్ కట్టండి" అన్నారు, అంటే ఫ్రీ డేస్ దాటి పెట్టె ఉంచుకున్నందుకు చార్జీ. నేను నాలుగు రోజులు వాదించాను. అది పెద్ద పొరపాటు. న్యాయం నా వైపే ఉన్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. చివరికి 20న, రెండు కంటైనర్లకు ఎనిమిది రోజులు, కంటైనర్‌కు రోజుకు 60 డాలర్ల చొప్పున 960 డాలర్లు రూపాయల్లో కట్టాను. కట్టే ముందు ఈమెయిల్ పెట్టాను: "సరుకు విడిపించుకోవడానికి మాత్రమే, అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాం. ఈ మొత్తం మేము ఒప్పుకున్నట్టు కాదు, వాపసు అడిగే హక్కు మాకు ఉంది." ఆ సాయంత్రానికే ఆర్డర్ వచ్చింది. ఈ పని 16నే చేసి ఉండాల్సింది. 22న పలాసలో తలుపు తీస్తే లోపలి నుంచి వేడి ఆవిరి మొహానికి కొట్టింది, పైకప్పుకు నీటి బొట్లు వేలాడుతున్నాయి, పై వరుస బస్తాలు తడిసి వాసన కొడుతున్నాయి. జూన్ ఎండల్లో ఇనుప పెట్టెలో పిక్క ఇరవై రోజులుంటే ఇంకేమవుతుంది? ఖాళీ కంటైనర్లు 23న వెనక్కి అప్పగించి స్లిప్ తీసుకున్నాం. మిగిలిన మూడు రోజులకు ఇంకో బిల్లు వచ్చింది, 360 డాలర్లు.

అప్పుడు కూర్చుని ఒక కాగితం మీద పట్టిక గీశాను. ఒక్కో తేదీకి ఒక్కో వరుస. ఆ రోజు సరుకు దేని కోసం ఆగింది, ఆ పని ఎవరి చేతిలో ఉంది, దానికి రుజువేమిటి. అభిప్రాయం ఒక్కటీ రాయలేదు. ప్రతి వరుసకూ ఈమెయిల్ టైము గానీ, కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో కనిపించిన స్టేటస్ కాపీ గానీ, రసీదు గానీ జత చేశాను. మా మూడు రోజుల దగ్గర "డ్యూటీ ఆలస్యం, మాది" అని నేనే రాశాను. అది దాచి ఉంటే వాళ్లు పట్టుకునేది ముందు దాన్నే, ఆ తర్వాత మిగతా వరుసలనూ నమ్మేవారు కాదు.

ఏజెంటు జవాబు గట్టిగానే వచ్చింది. "12న దరఖాస్తు పెట్టడంతో మా పొరపాటు అయిపోయింది. అవన్నీ మీ ఫ్రీ డేస్. చార్జ్ పడింది ఆ తర్వాతి రోజులకు, ఆ రోజుల్లో ఆలస్యం మీదే." చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఫ్రీ డేస్ ఎందుకిస్తారు? డ్యూటీ కట్టుకోవడానికి, ట్రైలర్ మాట్లాడుకోవడానికి, ఖాళీ పెట్టె తిరిగివ్వడానికి. అవన్నీ మేనిఫెస్ట్ తప్పే తినేస్తే నాకు ఫ్రీ డేస్ ఇచ్చినట్టెలా అవుతుంది? కాబట్టి నేను అడిగింది డిస్కౌంట్ కాదు. మీవల్ల పోయిన రోజులు ఎన్నో అన్ని రోజులు ఫ్రీ పీరియడ్ పొడిగించండి అన్నాను. 4 నుంచి 13 వరకు తొమ్మిది రోజులు. దిద్దుబాటుకు ఎలాగూ ఒక రోజు పడుతుందని వాళ్లన్నారు, సరే అన్నాను. ఎనిమిది మిగిలాయి. 12కు ఎనిమిది కలిపితే 20. డ్యూటీ కట్టిన రోజులూ, నేను వాదించిన రోజులూ అందులోకే వచ్చేశాయి. అంటే నేను కట్టాల్సింది 21, 22, 23 తేదీలకే.

మధ్యలో సగం మాఫీ ఇస్తామన్నారు. ఒప్పుకుంటే 660 డాలర్లు కట్టాలి, లెక్క ప్రకారం అయితే 360. ఏజెంటుకు మాఫీ అధికారం ఉండదు, లైన్ ఒప్పుకోవాలి. అందుకే పట్టికను లైన్ ప్రధాన ఆఫీసుకు కూడా పంపాను. నెలన్నరకు 960కి జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ వచ్చింది. మూడు రోజుల బిల్లు మాట్లాడకుండా కట్టేశాను.

ఒక్క విషయం జాగ్రత్త. 2018 నాటి సీ కార్గో మేనిఫెస్ట్ నిబంధనల్లో ఒకటుంది. వివరాలు సరిచూడటానికి కస్టమ్స్ సరుకు ఆపి, చివరికి అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితే, 60 రోజుల వరకు లైన్ కంటైనర్ డిటెన్షన్ అడగకూడదు. మంచి నిబంధనే. కానీ నాకది పనికిరాదు, నా సరుకు ఆపింది కస్టమ్స్ తనిఖీ కాదు కాబట్టి. దాన్ని ప్రతి గొడవలోనూ విసిరేవాళ్లను చూశాను, అవతలివాళ్ల ఒక్క జవాబుతో మొత్తం కేసు వీగిపోతుంది.

ఇక యార్డు స్టోరేజీ వేరే లెక్క. డిటెన్షన్ అంటే పెట్టె ఉంచుకున్నందుకు లైన్‌కు కట్టేది, స్టోరేజీ అంటే నేల వాడినందుకు యార్డుకో పోర్టుకో కట్టేది. మనవాళ్లు రెండింటినీ డెమరేజ్ అనేస్తారు, దాంతో అడగాల్సిన డబ్బు అడగకూడని చోట అడుగుతారు. సరుకుదారు తప్పు లేకపోయినా, కస్టమ్స్ అన్యాయంగా ఆపినా, సరుకు ఉంచడానికి స్థలం ఇచ్చినవాళ్లకు చార్జీ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 1995లో ఒక ఎయిర్‌పోర్ట్ కార్గో కేసులో చెప్పింది. యార్డుతో "నా తప్పు కాదు" అని వాదించి లాభం లేదు. కట్టేసి, ఆ రసీదును ఆలస్యానికి కారణమైనవాళ్ల ముందు పెట్టాలి.

నేను యార్డుకు కట్టింది 38,000 రూపాయలు. "ఆ డబ్బు మాకు రాలేదండీ" అంటోంది ఏజెంటు ఆఫీసు. వాళ్ల జేబులోకి వచ్చిందని నేనూ అనలేదు. వాళ్ల తప్పుతో నా జేబులోంచి పోయింది. ఆ ఎనిమిది రోజుల వాటా లెక్కకట్టి, అదే పట్టిక, అవే ఈమెయిల్స్ జతచేసి లాయర్ నోటీసు ఇవ్వబోతున్నాను.