సీసా మీద 0.1 అని రాసినంత మాత్రాన 0.1 అయిపోదు నాయనా

నిన్న ల్యాబ్‌లో జరిగింది చెప్తా, లేకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. సెకండియర్ పిల్లాడు ఒకడు రికార్డు తెచ్చి "మేడమ్, అన్‌నోన్ యాసిడ్ దొరికింది, మాలిక్ యాసిడ్" అన్నాడు. మాలిక్ ఎలా అయిందిరా అంటే, మాలిక్యులర్ వెయిట్ 116.05 వచ్చింది, టేబుల్‌లో మాలెయిక్ యాసిడ్ 116.07 ఉంది, మ్యాచ్ అయింది కదా మేడమ్ అని మురిసిపోతున్నాడు. మాలిక్, మాలెయిక్ ఒకటి కావు, అది వేరే గొడవ, అది పక్కన పెడదాం. అసలు విషయం ఏంటంటే వాడికి ఇచ్చింది నేనే, అది బెంజోయిక్ యాసిడ్, 122.12.

వాడి బ్యూరెట్ రీడింగ్‌లో తప్పు లేదు, ఎండ్ పాయింట్ బాగానే పట్టాడు, లెక్కలో గుణకారం కూడా కరెక్టే. తప్పంతా బ్యూరెట్‌లోంచి ఆ యాసిడ్‌లోకి వదిలిన కాస్టిక్, అంటే సోడియం హైడ్రాక్సైడ్, దాని సీసా మీద ఉన్న స్టిక్కర్‌ది. "0.1 M NaOH" అని ఉంది, వీడు నమ్మాడు, లెక్కలో 0.1 వేసేశాడు.

నాలుగు గ్రాముల పెల్లెట్స్ తూచి లీటర్ చేస్తే 0.1 మోలార్, కాగితం మీద అంతే. కానీ ఆ నాలుగు గ్రాములూ సోడియం హైడ్రాక్సైడేనా? డబ్బా మూత తీసి వాచ్ గ్లాస్‌లో పెల్లెట్స్ వేసి బ్యాలెన్స్ మీద పెట్టండి, ఈ వర్షాకాలంలో అయితే మన కళ్ళ ముందే చెమట పట్టినట్టు మెరుస్తాయి, అంకె పైకి పాకుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. గాల్లో తేమ లాక్కుంటోంది. దానితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా పట్టుకుని కొంత కార్బొనేట్ అయిపోతోంది. అంటే మీరు తూచిన నాలుగు గ్రాముల్లో నీళ్ళూ ఉన్నాయి, కార్బొనేటూ ఉంది, కాస్టిక్ ఎంతో ఆ దేవుడికే తెలియాలి. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ పెట్టి దాన్ని తూచడం అంటే నాకు నవ్వొస్తుంది, మామూలు తక్కెడ చాలు దానికి, ఎలాగూ తర్వాత కనుక్కోవాలి కదా.

కనుక్కోడానికే కేహెచ్‌పి, పొటాషియం హైడ్రోజన్ థాలేట్, నమ్మకంగా తూచి కాస్టిక్‌తో టైట్రేట్ చేయగలిగే యాసిడ్ పొడి. మన దగ్గర చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఆక్సాలిక్ యాసిడ్‌తోనే కానిచ్చేస్తారు, చవక కాబట్టి. తప్పని అనను, కానీ దానిలో రెండు నీటి అణువులు ఉంటాయి, పాత డబ్బాలో అవి కొంత ఎగిరిపోయి ఉంటే మనకి తెలీదు. కేహెచ్‌పికి ఆ బాధ లేదు, తేమ లాక్కోదు, 110 డిగ్రీల దగ్గర ఒక రెండు గంటలు ఓవెన్‌లో పెట్టి డెసికేటర్‌లో చల్లార్చుకుంటే చాలు. ఒక్కటే హైడ్రోజన్ ఇస్తుంది కాబట్టి ఒక మోల్‌కి ఒక మోల్ కాస్టిక్, లెక్క సూటిగా ఉంటుంది. పైగా బరువు 204.22, అంటే పావు లీటరు ఫ్లాస్క్‌లో వేసేది అర గ్రాము దాకా ఉంటుంది, తూకంలో 0.0001 అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ పిల్లలకి నచ్చని మాట ఒకటుంది. మూడు సార్లు మూడు వేర్వేరు తూకాలు వేస్తే బ్యూరెట్ రీడింగులు మూడూ వేరే రావాలి! మనకి ఇంటర్ నుంచీ "కాన్‌కార్డెంట్ వాల్యూస్", అంటే రీడింగులు ఒకేలా రావాలి అని మెదడులో కొట్టేశారు, పిపెట్‌తో తీసిన ద్రావణానికి అది సరే, కానీ తూచి వేసిన కేహెచ్‌పికి సరిపోదు. రికార్డుల్లో తూకాలు మూడు రకాలుగా ఉండి రీడింగులు మాత్రం 25.0, 25.0, 25.0 ఉంటే వాడు ల్యాబ్‌కి రాలేదని నాకు అర్థమైపోతుంది. కలవాల్సింది వాల్యూమ్ కాదు, దాని నుంచి వచ్చే మోలారిటీ.

నిన్న ఆ పిల్లాడితో కూర్చుని అదే సీసాని మళ్ళీ చేయించా. 0.5107 గ్రాములకి 26.35 మిల్లీలీటర్లు, 0.4986కి 25.70, 0.5243కి 27.05. మొదటిది చూడండి: 0.5107ని 204.22తో భాగిస్తే 2.5007 మిల్లీమోల్స్, దాన్ని 26.35తో భాగిస్తే 0.0949. రెండోది 0.0950, మూడోది 0.0949. సగటు 0.0949. వాల్యూమ్‌లు మిల్లీలీటర్ పైన తేడా ఉన్నా మోలారిటీలు ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి, వాడి మొహం చూడాలి అప్పుడు.

మధ్యలో ఒక డౌట్ అడిగాడు, "మేడమ్, ఫ్లాస్క్‌లో నీళ్ళు కొలవలేదు, యాభై పోశానో అరవై పోశానో" అని. కొలవక్కర్లేదురా, కేహెచ్‌పి ఎన్ని మోల్స్ వేశావో అంతే ఉంటుంది, నీళ్ళు ఎన్ని పోసినా మోల్స్ పెరగవు. కానీ ఆ నీళ్ళు మరగబెట్టి చల్లార్చినవి అయి ఉండాలి, మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అది కూడా కాస్టిక్‌ని తింటుంది. అలాగే కేహెచ్‌పి మెల్లగా కరుగుతుంది, అడుగున గింజలు ఉండగానే టైట్రేషన్ మొదలుపెడితే ఫినాఫ్తలీన్ ఇండికేటర్ గులాబీ రంగు వచ్చి మళ్ళీ పోతుంటుంది, ఇదేంట్రా బాబూ అని తల గోక్కోవడమే. ముందు పూర్తిగా కరగనివ్వండి, గోరువెచ్చగా చేసి చల్లార్చినా పర్లేదు. రంగు ముప్పై సెకన్లు నిలబడాలి, లేత గులాబీ, అంతే. రోజా షర్బత్ రంగు వచ్చిందంటే దాటిపోయారు.

ఇంకా ఒకటి, చాలామంది లెక్చరర్లు కూడా వదిలేసేది. సీసాలో కొంత కార్బొనేట్ ఉంటుందని అన్నాను కదా. రెండు హైడ్రాక్సైడ్లని తినేసి ఒక కార్బొనేట్ పుడుతుంది, కానీ ఫినాఫ్తలీన్ దగ్గర అది ఒక్క హైడ్రోజన్ మాత్రమే తీసుకుని బైకార్బొనేట్ దగ్గర ఆగిపోతుంది. మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో ఇండికేటర్ వేస్తే రెండోది కూడా తీసుకుంటుంది. అంటే ఒకే సీసాకి ఇండికేటర్‌ని బట్టి రెండు బలాలు! అందుకే కేహెచ్‌పికి ఫినాఫ్తలీన్ వేస్తే అన్‌నోన్‌కి కూడా ఫినాఫ్తలీనే వేయాలి, అప్పుడు రెండు చోట్లా ఒకే తప్పు పడి చాలావరకు కొట్టుకుపోతుంది. ఈ సీసాని హెచ్‌సీఎల్‌తో మిథైల్ ఆరెంజ్ వేసి స్టాండర్డైజ్ చేసి తర్వాత బెంజోయిక్‌కి ఫినాఫ్తలీన్ వాడితే, అంత కష్టపడి కూడా తప్పే వస్తుంది.

సరే, ఇప్పుడు వాడి అన్‌నోన్‌కి వద్దాం. 0.3000 గ్రాములు తీసుకున్నాడు, 25.85 మిల్లీలీటర్లు పట్టింది. 0.1 వేస్తే 2.585 మిల్లీమోల్స్, 116.05. 0.0949 వేస్తే 2.453 మిల్లీమోల్స్ దాకా, అంటే 122.3. ఆరు యూనిట్ల తేడా, అదంతా స్టిక్కర్ పుణ్యమే.

నేనైతే ఇంకో ప్రశ్న అడిగా, "యాసిడ్‌ని దేంట్లో కరిగించావురా?" అని. "నీళ్ళలో కరగలేదు మేడమ్, ఆల్కహాల్ పోయమన్నారు కదా, న్యూట్రలైజ్ చేసి పోశా" అన్నాడు. మాలెయిక్ అయితే నీళ్ళలో హాయిగా కరిగిపోయేది. పైగా దానికి రెండు హైడ్రోజన్లు, ఇదే లెక్క వేస్తే 116 కాదు, 58 వచ్చేది. 116కి మ్యాచ్ అవ్వడమే అనుమానం రావాల్సిన చోటు, కానీ నంబర్ కలిసింది కదా అని ఎవడూ ఆగి ఆలోచించడు, మా కాలంలో మేమూ అంతే, నన్ను వైవాలో ఇదే ప్రశ్నతో ఒకాయన చీల్చి చెండాడాడు.

స్టిక్కర్ పీకేసి 0.0949 అని, కింద తేదీ, పక్కన ఫినాఫ్తలీన్ అని రాసి ప్లాస్టిక్ సీసాలోకి మార్పించా, గాజు మూత అయితే కాస్టిక్‌కి బిగుసుకుపోతుంది. వారం దాటితే మళ్ళీ కేహెచ్‌పి వేసి చూడండి అని కూడా చెప్పా. ఈ పొద్దున వెళ్ళి చూస్తే 0.0949 కొట్టేసి ఎవరో నీట్‌గా 0.1 అని రాసి పెట్టారు, "రౌండ్ ఫిగర్ ఉంటే లెక్కకి ఈజీ మేడమ్" అట.