క్రాస్‌ఫేడ్ పొడవు పెంచితే అతుకు దాగదు

“పాట వీడియో కంటే పొట్టిగా ఉంటే గాభరా పడకండి. అదే పాటను కాపీ చేసి పక్కన అతికించి, అతుకు మీద రెండు సెకన్ల క్రాస్‌ఫేడ్ వేయండి. క్రాస్‌ఫేడ్ ఎంత పొడుగైతే అతుకు అంత వినపడదు. ఇంకా తేడా మిగిలితే పాట వేగం తగ్గించండి, లేదా వీడియో అయిపోయేచోట ఫేడ్ ఔట్ చేయండి. ఎవరికీ తెలియదు.”

తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా అందరి ఫోన్లలోనూ ఈ సలహా తిరుగుతోంది. నేనూ ఒకసారి పాటించాను. రిసెప్షన్‌లో తెర మీద ఆ వీడియో నడుస్తుండగా, ముందు వరుసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్న ఒక పెద్దాయన చెయ్యి సరిగ్గా నా అతుకు దగ్గర ఆగిపోయింది. అది నేను మరిచిపోలేదు.

క్రాస్‌ఫేడ్ అంటే ఒక ముక్క ధ్వని తగ్గుతుండగా ఇంకోదాని ధ్వని పెరగడం. అది జరుగుతున్నంతసేపూ రెండు ముక్కలు కలిసి మోగుతాయి. నిమిషానికి 96 తాళాక్షరాల నడకలో ఒక్కో అక్షరం 0.625 సెకన్లు. అంటే రెండు సెకన్లలో మూడు అక్షరాలకు పైగా రెండు మృదంగాలు, రెండు వీణలు వినిపిస్తాయి. దెబ్బలు కొద్దిగా ఎడంగా పడితే ప్రతి దెబ్బా జంటగా పడుతుంది. కాబట్టి లయ ఉన్న సంగీతంలో క్రాస్‌ఫేడ్‌కు 10 నుంచి 20 మిల్లీసెకన్లు చాలు. అది కూడా సమం దెబ్బ, అంటే తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ, పడడానికి ముందే ముగిసిపోవాలి. అప్పుడు దెబ్బ ఒక్కటే స్వచ్ఛంగా పడుతుంది, చెవి దాని మీదికి పోతుంది. పొడుగాటి క్రాస్‌ఫేడ్ పనికొచ్చేది తాళం లేని ఆలాపనకో, గాలి హోరు, జనం సందడి వంటి ధ్వనులకో.

పాట మొత్తాన్ని మళ్లీ అతికించడం కంటే మధ్యలో కొన్ని ఆవర్తనాలు, అంటే తాళం పూర్తి చుట్లు, రెండుసార్లు వాయించడం మేలు. నా దగ్గరి వీడియో 200 సెకన్లు, ఆది తాళంలో వీణ ట్రాక్ 154 సెకన్లు. ఎనిమిది అక్షరాల ఆవర్తనం సరిగ్గా 5 సెకన్లు. 30 ఆవర్తనాలు, ఆఖరి దెబ్బ తర్వాత 4 సెకన్ల మోత. కావలసింది 46 సెకన్లు. తొమ్మిది ఆవర్తనాలు పెంచితే 45 వస్తాయి. 20వ ఆవర్తనం ముగిసే 100వ సెకను దగ్గర నుంచి 12వది మొదలయ్యే 55వ సెకనుకు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి చివరి దాకా నడవనిచ్చాను. అతుకు ఒక్కటే.

ఈ చోటు ఎంచుకోవడంలోనే అసలు పని ఉంది. అతుకు తర్వాత వచ్చేది బాగుందా అని మాత్రమే చూస్తే మోసపోతాం. 12వ ఆవర్తనం మొదట్లో 11వదాని వీణ మోత ఇంకా సన్నగా ఉంటుంది. కనుక 11, 20 రెండూ ఒకే స్వరం మీద, ఒకే బలంతో ముగియాలి. నా ట్రాక్‌లో రెండూ పంచమం మీద నిలిచాయి. అలా కుదరకపోతే ఒక మోత తెగిపోయి, ఇంకొకటి ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది. ఏ క్రాస్‌ఫేడూ దాన్ని కప్పలేదు.

ఈ కోత వీడియో సాఫ్ట్‌వేర్‌లో వేయకండి. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కోత మామూలుగా ఫ్రేము అంచు మీదే పడుతుంది, అందుకని దెబ్బ 20 మిల్లీసెకన్ల వరకూ ముందు వెనకలు కావచ్చు. తాళం తెలిసినవారికి అది తడబాటే. Audacity వంటి ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కోసి, వేవ్ ఫైలుగా తెచ్చుకోండి.

వేగం మాటకొస్తే, 154 సెకన్లను 200కు సాగదీయడమంటే నిడివి దాదాపు 30 శాతం పెరగడం. శ్రుతిని కాపాడకపోతే అది నాలుగున్నర అర్ధస్వరాలు దిగిపోతుంది. కాపాడితే మృదంగం దెబ్బల అంచు చెదిరిపోతుంది. అర శాతం సాగదీస్తే ఎవరూ పట్టుకోలేరు, కాని నాకు మిగిలిన ఒక్క సెకనుకు అదీ అవసరం కాలేదు. చిత్రం మొదలయ్యాక ఒక సెకను గుడిగంట మోగనిచ్చి, అప్పుడు వీణ ఎత్తుకున్నాను.

ఫేడ్ ఔట్ విషయంలో నాకు కోపమే వస్తుంది. వాద్యకారుడు ముక్తాయింపు వాయించి ముగించిన పాటను మధ్యలో నొక్కేయడం ఎందుకు? ముందుగా ముక్తాయింపును వీడియో చివర అమర్చి, లెక్కను అక్కడి నుంచి వెనక్కి చేసుకోవాలి. నా వీడియోలో 196వ సెకను దగ్గర ఆఖరి దెబ్బ, తలంబ్రాల మీద నిలిచిన చిత్రం, 4 సెకన్ల మోత సరిగ్గా కలిశాయి.

తెర చూడకుండా, హెడ్‌ఫోన్లతో, అతుకుకు నాలుగు ఆవర్తనాల ముందు నుంచి తాళం వేస్తూ వినండి. చెయ్యి తడబడకపోతే అతుకు నిలిచినట్టు. ఈ లెక్క స్టూడియోలో మెట్రోనోమ్ మీద వాయించిన ట్రాక్‌కే సరిపోతుంది. పెళ్లిలో రికార్డు చేసిన నాదస్వరం, డోలుకు సరిపోదు. అక్కడ నడక పోనుపోను వేగమందుకుంటుంది, వెనక్కి దూకితే ఆ తేడా బయటపడుతుంది. అలాంటప్పుడు దగ్గరదగ్గరగా ఉన్న రెండు ఆవర్తనాల మధ్యనే కోయాలి, సెకన్లను నమ్మకుండా దెబ్బను చూసి కోయాలి.