సవరణ: సగం వాటా ఉన్నంత మాత్రాన సబ్సిడరీ అయిపోదు

"మన వైజాగ్‌లో భూగర్భ గ్యాస్ నిల్వ నడిపే సౌత్ ఏషియా ఎల్‌పీజీలో హెచ్‌పీసీఎల్‌ది సగం వాటా కదండీ, మరి అది హెచ్‌పీసీఎల్ సబ్సిడరీయేనా?"

అవునని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి. అది జాయింట్ వెంచర్.

2013 కంపెనీల చట్టం సెక్షన్ 2(87) ప్రకారం సబ్సిడరీ అనాలంటే ఓటు హక్కులో సగానికి మించి ఉండాలి, లేదా బోర్డు కూర్పు పెద్ద కంపెనీ చేతిలో ఉండాలి. ఇక్కడ హెచ్‌పీసీఎల్‌కు సరిగ్గా 50 శాతమే ఉంది, మిగతా 50 శాతం ఫ్రాన్స్‌కు చెందిన టోటల్‌ఎనర్జీస్ గ్రూపుది. సగం అంటే సగానికి మించి కాదు. నేను పొరబడింది అక్కడే. ముఖ్యమైన నిర్ణయాలకు ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే, ఒకరు కాదంటే పని ఆగిపోతుంది. అలాంటి ఉమ్మడి అదుపు ఒప్పందంలో రాసి ఉండి, భాగస్వాములకు కంపెనీ నికర ఆస్తుల మీద హక్కు ఉంటేనే జాయింట్ వెంచర్ అంటారు. ఆ ఒప్పందం లేకుండా 20 శాతమో 30 శాతమో ఉంటే మామూలుగా అసోసియేట్ అవుతుంది.

పోల్చి చూడాలంటే హెచ్‌పీసీఎల్‌నే తీసుకోండి. 2018లో ఓఎన్‌జీసీ అందులో 51.11 శాతం కొంది. సగం దాటింది కాబట్టి అది ఓఎన్‌జీసీకి సబ్సిడరీ.

మీరే సరిచూసుకోవాలంటే పెద్ద కంపెనీ వార్షిక నివేదికలో ఫారం ఏఓసీ-1 తెరవండి. పార్ట్ ఏలో సబ్సిడరీలు, పార్ట్ బీలో అసోసియేట్లు, జాయింట్ వెంచర్లు ఉంటాయి. చట్టం జాయింట్ వెంచర్‌ను అసోసియేట్ నిర్వచనంలోనే కలిపేసింది, అందుకే ఆ రెండూ ఒకే చోట కనిపిస్తాయి.