తేదీ తరువాత తెలియజేయబడును

పర్లాకిమిడిలో మా తెలుగు సంఘం కార్యాలయం ముందు అద్దాల తలుపున్న నోటీసు బోర్డు ఒకటి ఉంది. ప్రస్తుతం దాని మీద ఉన్న కాగితంలో రెండే వాక్యాలు: "కీలకమైన సమాచారం అందవలసి ఉన్నందున సర్వసభ్య సమావేశం వాయిదా వేయడమైనది. తేదీ తరువాత తెలియజేయబడును." రెండింటిలోనూ కర్త లేడు. ఎవరు వాయిదా వేశారో, ఎవరి దగ్గర నుంచి ఏ సమాచారం అందాలో, తేదీని ఎవరు తెలియజేస్తారో చదివినవాడికి అంతుపట్టదు. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని పండితులు అంటారు. వారెవరూ ఏ సంఘంలోనూ కార్యదర్శిగా పని చేసి ఉండరు.

ఈ ప్రకటనను తేలిక చేసి మాట్లాడేవారు మా ఊళ్లో ఉన్నారు. వారికి పాలన తెలియదు. తేదీ వేస్తే ఆ రోజు వస్తుంది. వచ్చాక కుర్చీలు వేయించాలి, జనం వస్తారు, ప్రశ్నలు వేస్తారు. తేదీ వేయకపోతే ఏ రోజూ మనల్ని నిలదీయదు. ఈ ప్రాంతం ఏ రాష్ట్రంలో ఉండాలన్న పంచాయితీ తేల్చడానికి 1931లో సరిహద్దు కమిటీని వేశారు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడనే ఏర్పడింది. ఆ తొందరపాటు మా కార్యవర్గంలో లేదు.

ఇంతకీ అందవలసిన సమాచారం ఏమిటి? ఆడిట్ అయిన జమాఖర్చులు. ఆడిటరు గారు పుస్తకాలన్నీ తిరగేసి, మార్చి 31 నాటి బ్యాంకు నిల్వ చూపే స్టేట్‌మెంటు కావాలన్నారు. న్యాయమే. మా ఖాతా నడవాలంటే అధ్యక్షుడి సంతకం, కోశాధికారి సంతకం రెండూ పడాలి. కోశాధికారి గారు విశాఖపట్నంలో కొడుకు దగ్గరికి వెళ్లి రెండేళ్లు దాటింది. ఆయన ఓపిక చేసుకుని దరఖాస్తు మీద సంతకం చేసి పంపారు, కానీ వయసు మీద పడి చేయి వణకడంతో అది బ్యాంకులో ఉన్న నమూనాతో కలవలేదు. పైగా రెండేళ్లకు మించి మేము వేసిందీ లేదు, తీసిందీ లేదు కాబట్టి ఖాతా నిద్రాణమైపోయిందని గుమాస్తా చెప్పాడు. వడ్డీ జమ అవుతూనే ఉంది కదా అన్నాం. బ్యాంకు తనంతట తాను వేసుకునే వడ్డీ లావాదేవీ కింద లెక్కకు రాదట, ఖాతాదారు కదిలిస్తేనే కదిలినట్టట.

మరి ఈ రెండేళ్లూ సంఘం ఎలా నడిచిందని మీరు అడగవచ్చు. చందాలు మైసూర్‌పాకు డబ్బాలో పడుతున్నాయి. కరెంటు బిల్లు అధ్యక్షులవారు జేబులోంచి కట్టి, ఒక చీటీ రాసి అదే డబ్బాలో వేస్తున్నారు. చీటీలకు నేతి వాసన పట్టిందని ఆడిటరు గారు ఫిర్యాదు చేయలేదు, నవ్వారంతే.

ఖాతా లేవాలంటే కొత్త కోశాధికారి పేరు, గుర్తింపు కాగితాలు, ఆయనను ఎన్నుకున్నట్టు మినిట్స్ పుస్తకంలోని తీర్మానం నకలు ఇమ్మంది బ్యాంకు. కోశాధికారిని ఎన్నుకోవలసింది సర్వసభ్య సమావేశం. ఆ సమావేశం అజెండాలో మొదటి అంశం జమాఖర్చుల ఆమోదం. జమాఖర్చులకు స్టేట్‌మెంటు కావాలి. స్టేట్‌మెంటుకు కొత్త కోశాధికారి కావాలి. గానుగెద్దుకైనా సాయంత్రానికి ఎదురుగా కాస్త నూనె కనిపిస్తుంది.

చట్టం వైపు నుంచి ఇబ్బంది రాదా అని నేనూ భయపడ్డాను. సంఘాల రిజిస్ట్రేషన్‌కు మూలమైన 1860 నాటి చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, వార్షిక సమావేశం రోజు నుంచి 14 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. "సమావేశమే లేనప్పుడు 14 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు?" అన్నారు అధ్యక్షులవారు. సభ్యుల్లో ఉన్న ఒక వకీలు, చట్టంలో ఉన్నది సంఘం నియమావళి ప్రకారం సమావేశం జరిగే రోజు అని, మీరు జరపకపోయినా ఆ రోజు క్యాలెండరులో వస్తుందని అన్నాడు. ఆ తరువాత అతన్ని టీకి పిలవడం తగ్గించారు.

ఇంత పటిష్ఠమైన ఏర్పాటును చెడగొట్టాలని చూసింది కాశీనగరం నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మగారు. ఆవిడ వాదన మొదలైందే మాట దగ్గర. మొదలుకాని సమావేశాన్ని వెనక్కి నెట్టినా వాయిదా అంటాం, మొదలైనదాన్ని మధ్యలో ఆపినా వాయిదా అనే అంటాం. రెండూ ఒకటి కావు. మొదలుపెట్టి ఆపితే, తరువాత కూర్చున్నది అదే సమావేశానికి కొనసాగింపు, మిగిలిపోయిన అంశాలే అందులోకి వస్తాయి. అసలు మొదలే పెట్టకపోతే కొనసాగించడానికి ఏమీ ఉండదు. మళ్లీ కొత్త నోటీసు, మా నియమావళి ప్రకారం మళ్లీ 14 రోజుల గడువు.

"అందుకని సమావేశం పెట్టేయండి. ముందు ఎన్నిక, తరువాత బ్యాంకు సంతకాల తీర్మానం. జమాఖర్చుల అంశం ఒక్కటీ ఆపి, దానికోసం ఇంకో రోజు కూర్చుందాం" అన్నారావిడ. కంపెనీల్లో లెక్కలు సిద్ధం కానప్పుడు వార్షిక సమావేశాన్ని గడువులోపే మొదలుపెట్టి, లెక్కల వరకు వాయిదా వేసుకునే అలవాటు ఉందని కూడా చెప్పారు. కోరం లేక ఆగిన సమావేశాన్ని సైతం 2013 కంపెనీల చట్టం గాలికి వదలదట. అరగంట చూసి, మరుసటి వారం అదే రోజుకు, అదే వేళకు, అదే చోటికి దానంతట అదే మార్చేస్తుందట. అప్పుడూ కోరం లేకపోతే వచ్చినవాళ్లే కోరమట. చట్టమే తేదీ వేసేస్తే ఇక నాయకత్వానికి మిగిలేది ఏమిటో నాకు అర్థం కాలేదు.

"అమ్మా, లెక్కలు చూపకుండా ఎన్నిక పెడితే జనం ఏమనుకుంటారు?" అన్నారు అధ్యక్షులవారు.

"ఎన్నిక లేకుండా లెక్కలు ఎలా వస్తాయండీ?"

"అదే పరిశీలిస్తున్నాం."

ఆవిడ ఊరుకోకుండా సంచిలోంచి ఒక కాగితం తీశారు. నోటీసు ముసాయిదా. సమావేశం ఏ ఆదివారమో అందులో ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు తేవలసింది ఎవరో, ఏ తేదీ లోపలో ఉంది. ఆ తేదీకి రాకపోతే లెక్కల కోసం పెట్టుకున్న రోజున ఎలాగూ కూర్చుంటామని, ఎందుకు రాలేదో అప్పుడు వింటామని ఉంది. కార్యదర్శిగా ఆ కాగితాన్ని నేను రెండుసార్లు చదివాను. దానిలో ఉన్న లోపం సామాన్యమైనది కాదు. ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడు. రెండు చోట్ల ఆ కర్తను నేనే.

ముసాయిదాను పరిశీలనలో పెట్టాం. బోర్డు మీద మాత్రం మన పాత ప్రకటనే ఉంది. లోపల కాదు, అద్దానికి బయట, అన్నం మెతుకులతో అతికించాం. బోర్డు తాళం చెవి కోశాధికారి గారితో పాటు విశాఖపట్నం వెళ్లిపోయింది. కాగితం అంచు పక్కగా తొంగి చూస్తే లోపలి పాత నోటీసు కనిపిస్తుంది. సిరా వెలిసిపోయింది గానీ, వారం, తేదీ, సాయంత్రం ఐదు గంటలు అని ఇంకా చదవడానికి వస్తోంది.